లెక్క సరిపోయింది, ఆటో తప్పిపోయింది

ఎర్ర లైటు పడింది. సిగ్నల్ దగ్గర మూడు ఆటోలు ఆగి ఉన్నాయి. ఎడమవైపు రెండు బాగా ఇరుక్కుని నిలబడటంతో ఒకదానిలో కొంత భాగం ఇంకోదాని చాటుకు పోయింది. మూడోది కుడివైపు విడిగా ఉంది. వెనక గోడ మీద ఏదో పసుపు రంగు హోర్డింగు. స్తంభం మీది కెమెరా ఈ దృశ్యాన్ని ఫొటో తీసిందనుకోండి. ఆ ఫొటోలో ఆటో ఉందా లేదా అని మాత్రమే అడిగితే కంప్యూటర్ ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. ఎన్ని ఉన్నాయి, ఒక్కొక్కటీ సరిగ్గా ఎక్కడ ఉంది అని అడిగితే మాత్రం పని పెరుగుతుంది. ఈ రెండో రకం పనినే ఆబ్జెక్ట్ డిటెక్షన్ అంటారు.

జవాబు బాక్సుల రూపంలో వస్తుంది. ఒక్కో వస్తువు చుట్టూ నిలువు, అడ్డం గీతలతో ఒక దీర్ఘచతురస్రం, దాని మీద ఒక పేరు, పక్కన సున్నాకీ ఒకటికీ మధ్య ఒక స్కోరు. 0.92 అని ఉంటే యంత్రానికి ఆ బాక్సు మీద గట్టి నమ్మకం ఉందని, 0.35 అని ఉంటే ఏదో అనుమానంగా చెబుతోందని అర్థం.

వీడియోల్లో వాహనాల చుట్టూ చక్కగా ఒక్కో బాక్సు కదలడం చూసి, యంత్రం అలాగే చూస్తుందని అనుకుంటాం. లోపల జరిగేది వేరు. యంత్రం ముందుగా ఫొటో అంతటా బోలెడన్ని చోట్ల బాక్సులు వేసుకుంటుంది. 2014లో రాస్ గిర్షిక్ బృందం తెచ్చిన ఆర్-సీఎన్ఎన్ పద్ధతి ఒక్కో ఫొటోలో దాదాపు 2,000 చోట్లను పరీక్షించేది. ఆ తర్వాత వచ్చిన ఎస్ఎస్‌డీ 300 పిక్సెళ్ల చదరపు ఫొటోలో 8,732 బాక్సులు వేసేది. జోసెఫ్ రెడ్మన్ బృందం చేసిన మొదటి యోలో పొదుపుగా 98తో సరిపెట్టింది. ఈ గుంపులో ఎక్కువ భాగం చెట్టు మీదో ఆకాశం మీదో పడి, స్కోరు అడుగంటి, వెంటనే చెత్తబుట్టకు పోతాయి. నిజంగా ఆటో ఉన్న చోట మాత్రం చుట్టుపక్కల బాక్సులు కూడా "ఇక్కడుంది" అంటూ చేతులెత్తుతాయి.

మన ఫొటోలో అలా ఆరు బాక్సులు మిగిలాయనుకుందాం. లెక్క కోసం నేను కల్పించిన అంకెలివి, కానీ రోజూ ఎదురయ్యే తరహావే. ఒకటో బాక్సు స్కోరు 0.92, ముందున్న ఆటో మీద ఉంది. రెండోది 0.88, అదే ఆటో మీద కాస్త పక్కకు జరిగి ఉంది. మూడోది 0.81, చాటున ఉన్న ఆటో మీద ఉంది. నాలుగోది 0.74, విడిగా ఉన్న ఆటో మీద. ఐదోది 0.60, ఆ విడి ఆటోలోనే ఎడమ సగాన్ని మాత్రం పట్టుకుంది. ఆరోది 0.35, అది అసలు ఆటో మీద లేదు, పసుపు హోర్డింగు మీద పడింది.

మూడు ఆటోలకు ఆరు బాక్సులు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి, చివరికి యంత్రానికి ఎన్ని మార్కులు వేయాలి? ఈ ప్రశ్నలన్నిటి కిందా ఒకే ఒక భిన్నం ఉంది. దాని పేరు ఇంటర్‌సెక్షన్ ఓవర్ యూనియన్. ఈ పనిలో ఉన్నవాళ్లు పొడి అక్షరాల్లో ఐఓయూ అంటారు.

రెండు బాక్సులు తీసుకోండి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వైశాల్యాన్ని, రెండూ కలిసి కప్పిన మొత్తం వైశాల్యంతో భాగించండి. అంతే. రెండూ అసలు తగలకపోతే సున్నా, అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఒకటి. మొత్తం వైశాల్యంతో భాగించడంలోనే కిటుకు ఉంది. మనిషి గీసిన అసలు బాక్సులో ఎంత భాగం కప్పావు అని మాత్రమే అడిగితే, యంత్రం ఫొటో మొత్తానికి ఒక పెద్ద బాక్సు గీసి నూటికి నూరు కొట్టేయగలదు. కింద మొత్తం వైశాల్యం ఉంటే ఆ ఎత్తు పారదు, ఎందుకంటే బాక్సు ఉబ్బిన కొద్దీ హారం పెరిగి విలువ పడిపోతుంది.

ఈ కొలత కంప్యూటర్లవాళ్లు కనిపెట్టింది కాదు. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త పాల్ జకార్ 1901లో, ఆల్ప్స్ కొండల్లో రెండు చోట్ల పెరిగే మొక్కల జాతులు ఎంతవరకు ఒకటేనో చెప్పడానికి ఇదే భిన్నాన్ని వాడాడు. అంతకు ముందే, 1884లో, అమెరికా భూగర్భ శాస్త్రవేత్త గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ టోర్నడో హెచ్చరికలు ఎంతవరకు నిజమయ్యాయో తూచడానికి ఇదే లెక్క వేశాడు. మొక్కలకూ గాలివానలకూ పనికొచ్చిన భిన్నం ఆటోల దగ్గరికి అలా చేరింది.

చూడటానికి సాదాగా ఉన్నా ఇది చాలా కఠినమైన కొలత. ఎంత కఠినమో లెక్క వేస్తేగానీ తెలియదు. మనిషి గీసిన బాక్సు 100 పిక్సెళ్ల వెడల్పు, 100 పిక్సెళ్ల ఎత్తు అనుకోండి. యంత్రం గీసినది అంతే పరిమాణంలో, కేవలం 10 పిక్సెళ్లు కుడికీ 10 కిందికీ జరిగింది. ఉమ్మడి భాగం 90 × 90, అంటే 8,100. రెండు బాక్సుల వైశాల్యం కలిపితే 20,000. అందులో ఉమ్మడి భాగం రెండుసార్లు లెక్కకొచ్చింది కాబట్టి ఒకసారి తీసేస్తే 11,900. ఐఓయూ 0.68. కంటికి దాదాపు సరిగ్గా కనిపించే బాక్సుకు అరవై ఎనిమిదే. అదే 20 పిక్సెళ్లు కుడికీ 20 కిందికీ జరిగితే 6,400ను 13,600తో భాగించాలి. వచ్చేది 0.47. పక్కవాళ్లకు చూపిస్తే "బాగానే పట్టిందిగా" అనే బాక్సు సగం మార్కు కూడా దాటలేదు.

దూరంగా ఉన్న వస్తువుల విషయంలో ఇది మరీ నిర్దయగా ఉంటుంది. రోడ్డు చివర 20 పిక్సెళ్లంత చిన్నగా కనిపించే ఆటో మీద బాక్సు రెండు వైపులా 4 పిక్సెళ్లు జరిగినా ఐఓయూ మళ్లీ 0.47కే పడుతుంది. అదే 4 పిక్సెళ్ల పొరపాటు 200 పిక్సెళ్ల ఆటో మీద జరిగితే 0.92 వస్తుంది. పొరపాటు ఒకటే, శిక్షలో మాత్రం ఇంత తేడా. చిన్న వస్తువుల మార్కులను విడిగా ప్రకటించే అలవాటు అందుకే వచ్చింది. కోకో అనే ప్రసిద్ధ ఫొటోల సంకలనం లెక్కల్లో 32 × 32 పిక్సెళ్ల కంటే తక్కువ వైశాల్యం ఉన్నవన్నీ చిన్నవే.

మరి ఎంత వస్తే పాసయినట్టు? ఎక్కువగా వినిపించే అంకె 0.5. దీనికి ప్రాచుర్యం తెచ్చింది 2005 నుంచి 2012 వరకు జరిగిన పాస్కల్ వీఓసీ పోటీలు. ఆ గీతను కావాలనే కాస్త కిందికి పెట్టామని నిర్వాహకులు దాచకుండా రాశారు. కారణం యంత్రం మీద జాలి కాదు, మనిషి గీసే బాక్సులే అంత కచ్చితంగా ఉండవు. చేతులూ కాళ్లూ చాచి నిలబడ్డ మనిషి చుట్టూ బాక్సు ఎక్కడ గీయాలన్నది గీసేవాడి ఇష్టం. మన ఆటోనే తీసుకోండి. పక్కకు పొడుచుకొచ్చిన అద్దం బాక్సులోకి రావాలా? డ్రైవరు బయటికి పెట్టిన మోచెయ్యి? వెనక తాడుతో కట్టిన సంచి? నలుగురికి ఇస్తే నలుగురూ నాలుగు రకాలుగా గీస్తారు. కాబట్టి 0.5 అన్నది ప్రకృతి సూత్రం కాదు, మనుషులు కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందం.

ఇప్పుడు ఆరు బాక్సుల దగ్గరికి వద్దాం. ఒకే ఆటో మీద పడిన అదనపు బాక్సులను ఏరిపారేసే పనిని నాన్-మాగ్జిమమ్ సప్రెషన్ అంటారు, పొట్టిగా ఎన్ఎమ్ఎస్. పద్ధతి ఇదీ: బాక్సులన్నిటినీ స్కోరు ప్రకారం పెద్దది మొదట వచ్చేలా పేర్చాలి. పైనున్నదాన్ని ఉంచుకోవాలి. మిగిలినవాటిలో దానితో ఐఓయూ ఒక హద్దు దాటినవన్నీ దాని నకళ్లేనని భావించి తీసేయాలి. తీసేయగా మిగిలినవాటిలో మళ్లీ పెద్ద స్కోరున్నదాన్ని పట్టుకోవాలి. బాక్సులు అయిపోయేదాకా ఇంతే.

హద్దు 0.5 అనుకుని మన ఫొటో మీద నడిపిద్దాం. ఒకటో బాక్సు నిలిచింది. రెండోది దానితో పోలిస్తే 10 పిక్సెళ్లు మాత్రం పక్కకు ఉంది, ఐఓయూ 0.82. పోయింది, పోవలసిందే. మూడోది ఒకటో దానికి 30 పిక్సెళ్లు పక్కన ఉంది. ఉమ్మడి వెడల్పు 70, మొత్తం వెడల్పు 130, ఐఓయూ 0.54. హద్దు దాటింది కాబట్టి అదీ పోయింది. కానీ అది నకలు కాదు, చాటున ఉన్న ఆటో! నాలుగోది వేటినీ తగలడం లేదు, నిలిచింది. ఐదోది నాలుగో బాక్సు లోపలే ఉంటూ దాని వెడల్పులో 52 పిక్సెళ్లు ఆక్రమించింది, ఐఓయూ 0.52. పోయింది. ఆరోది హోర్డింగు మీద ఒంటరిగా ఉంది, దాని జోలికి ఎవరూ రాలేదు కాబట్టి నిలిచింది.

చివరికి తెర మీద మూడు బాక్సులు. రోడ్డు మీద మూడు ఆటోలు. లెక్క చూసేవాడు తృప్తిగా తలాడిస్తాడు. నిజానికి ఒక ఆటో గల్లంతయింది, ఒక హోర్డింగు ఆటో అయి కూర్చుంది. వాహనాలను లెక్కపెట్టే వ్యవస్థలను మొత్తం సంఖ్యతో మాత్రమే సరిచూసుకునేవాళ్లకు ఈ రకం తప్పు ఏళ్ల తరబడి కనిపించకుండా ఉండిపోగలదు.

సరే, హద్దును 0.6కు పెంచితే? మూడో బాక్సు బతుకుతుంది, చాటు ఆటో తిరిగొస్తుంది. దానితోపాటు ఐదోది, అంటే విడి ఆటో సగాన్ని పట్టుకున్న నకలు కూడా బతుకుతుంది. ఇప్పుడు తెర మీద ఐదు బాక్సులు. అటూ ఇటూ కాకుండా మధ్యలో ఏదైనా హద్దు దొరుకుతుందా? దొరకదు. నకలు పోవాలంటే హద్దు 0.52 కంటే తక్కువ ఉండాలి, అసలైన ఆటో బతకాలంటే 0.54 కంటే తక్కువ ఉండకూడదు. రెండూ ఒకేసారి కుదరవు. ఎన్ఎమ్ఎస్ ఫొటో వైపు మళ్లీ కన్నెత్తి చూడదు, దాని ముందున్నవి కొన్ని అంకెలు మాత్రమే. రెండు బాక్సులు బాగా కలిసిపోతే అవి ఒకే వస్తువువని నమ్మడం దాని మూలసూత్రం. వాహనాలు ఎడంగా, ఎవరి వరసలో వాళ్లు నడిచే రోడ్డు మీద ఆ నమ్మకం చాలావరకు చెల్లుతుంది. మన కూడళ్లలో, జాతరలో, రైల్వే ప్లాట్‌ఫారమ్ మీద చెల్లదు.

ఆటో ఎందుకు కనిపించలేదో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఎన్ఎమ్ఎస్‌ను ఆపేసి, పచ్చి బాక్సులన్నిటినీ ఫొటో మీద వేసి చూడాలి. తప్పిపోయిన ఆటో మీద మంచి స్కోరుతో బాక్సు ఉంటే యంత్రం దాన్ని చూసింది, ఏరివేతలో పోయిందన్నమాట. బాక్సే లేకపోతే అసలు చూడలేదు. మొదటి జబ్బుకు హద్దు మార్చడం మందు. రెండోదానికి అలాంటి ఆటోలున్న ఫొటోలు మరిన్ని చూపించి నేర్పడం తప్ప దారి లేదు. ఈ తేడా చూసుకోకుండా వేల ఫొటోలు కొత్తగా సేకరించడానికి బయల్దేరేవాళ్లున్నారు.

ఇంకో చిక్కు కూడా తరచు కనిపిస్తుంది. సాధారణంగా ఎన్ఎమ్ఎస్‌ను ఒక్కో పేరుకు విడివిడిగా నడుపుతారు. ఆటో బాక్సులు ఆటో బాక్సులతోనే, కారు బాక్సులు కారు బాక్సులతోనే పోటీ పడతాయి. ఒకే వాహనాన్ని యంత్రం ఆటో అనీ కారు అనీ రెండు పేర్లతో పిలిస్తే, ఐఓయూ 0.95 ఉన్నా రెండు బాక్సులూ మిగిలిపోతాయి. ఒకే బండికి రెండు పేర్లు చూస్తే తప్పు వెతకవలసిన మొదటి చోటు ఇదే.

నకలును ఒక్క వేటుతో చంపకుండా స్కోరు తగ్గించి వదిలితే ఎలా ఉంటుందని మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఆలోచించారు. దాని పేరు సాఫ్ట్-ఎన్ఎమ్ఎస్. ఒక్క వాక్యం కోడ్ మారిస్తే చాలని పరిశోధనా పత్రం శీర్షికలోనే చెప్పుకున్నారు. ఒక రూపంలో లెక్క ఇలా ఉంటుంది: బాక్సు స్కోరును, ఒకటిలోంచి ఐఓయూను తీసేయగా మిగిలినదానితో గుణించాలి. మన రెండో బాక్సు స్కోరు 0.88 నుంచి 0.16కు కుంగిపోతుంది. చాటు ఆటో 0.81 నుంచి 0.37కు, సగం ఆటో నకలు 0.60 నుంచి 0.29కి దిగుతాయి. ఇప్పుడు 0.3 కంటే తక్కువవి తీసేస్తే మూడు ఆటోలూ నిలిచాయి, నకళ్లు రెండూ పోయాయి. బాగానే ఉంది, కానీ చాటు ఆటో 0.37తో, హోర్డింగు 0.35తో పక్కపక్కన నిలబడ్డాయని గమనించండి. హోర్డింగును ఆటో కాదని గుర్తించడం ఏరివేత పని కాదు, యంత్రం చూపు పని.

ఏరివేతే వద్దనుకునే దారి 2020లో వచ్చింది. ఫేస్‌బుక్ పరిశోధకులు చేసిన డీటీఆర్ అనే నమూనాకు శిక్షణ సమయంలోనే ఒక్కో వస్తువుకు ఒక్క బాక్సునే జతచేసి నేర్పుతారు. రెండో బాక్సు వేస్తే అప్పుడే తప్పు పడుతుంది కాబట్టి నకళ్లు వేయకుండా ఉండటం అది ముందే నేర్చుకుంటుంది. అయినా ఎన్ఎమ్ఎస్ ఇంకా విస్తారంగా వాడుకలో ఉంది. కొన్ని వాక్యాల కోడ్, అర్థమయ్యే ప్రవర్తన, కళ్లముందు కనిపించే ఒక్క మీట. పనిచేసేవాళ్లు అలాంటివాటిని అంత త్వరగా వదులుకోరు.

ఇక మార్కుల సంగతి. కొత్త నమూనా వచ్చినప్పుడల్లా మీన్ యావరేజ్ ప్రెసిషన్ ఇంత అని ఒక అంకె ప్రకటిస్తారు. పేరు బరువుగా ఉన్నా దాని అడుగున ఉన్నవి రెండు మామూలు ప్రశ్నలే. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు, ఏరి పక్కన పెట్టిన కుప్పలో నిజంగా రాళ్లెన్ని, బియ్యపు గింజలెన్ని అన్నది ఒక ప్రశ్న. చేటలో ఉన్న రాళ్లన్నిటిలో ఎన్ని ఏరగలిగాం అన్నది రెండోది. మొదటిదాన్ని ప్రెసిషన్ అంటారు, రెండోదాన్ని రీకాల్ అంటారు. తెల్లగా మెరిసే పెద్ద రాయిని ఒక్కదాన్ని తీసి ఆపేస్తే ప్రెసిషన్ నూటికి నూరు, రీకాల్ అధమం. చేతికందినదంతా తీసేస్తే రీకాల్ నూరు, ప్రెసిషన్ గంగలో కలిసినట్టే.

యంత్రానికి ఈ రెండూ కొలిచేటప్పుడు స్కోరు పెద్దదాని నుంచి చిన్నదాని వైపు ఒక్కో బాక్సునే కలుపుకుంటూ దిగుతారు. మనిషి గీసిన ఏదో ఒక బాక్సుతో ఐఓయూ 0.5 దాటితే అది ఒప్పు. ఆ ఆటో అప్పటికే వేరే బాక్సు ఖాతాలో పడి ఉంటే తప్పు. ఒకే ఆటో మీద ఐదు బాక్సులు వేస్తే ఒకటి ఒప్పు, నాలుగు తప్పులని వీఓసీ నిబంధన. దిగుతున్న కొద్దీ రీకాల్ పెరుగుతూ, ప్రెసిషన్ ఎగుడుదిగుడుగా కదులుతూ ఒక గీత తయారవుతుంది. మధ్యలో పడిన గుంటలను, ఆ తర్వాత వచ్చే మెరుగైన ప్రెసిషన్‌తో చదును చేస్తారు. ఆ గీత కింద వైశాల్యమే యావరేజ్ ప్రెసిషన్. అసలు పరీక్షలో ఇది వేల ఫొటోల బాక్సులన్నిటినీ ఒకే వరసలో పేర్చి చేసే లెక్క. మనం మన ఒక్క ఫొటోతోనే చేసి చూద్దాం.

మొదట హద్దు 0.5తో ఏరిన మూడు బాక్సులు. ఒకటోది ఒప్పు, నాలుగోది ఒప్పు. ఇక్కడికి మూడింట రెండు ఆటోలు దొరికాయి, ఒక్క తప్పూ లేదు. ఆ తర్వాత హోర్డింగు, అది తప్పు. మూడో ఆటో దొరకనే లేదు కాబట్టి గీత మూడింట రెండు వంతుల దగ్గరే ఆగిపోయింది. యావరేజ్ ప్రెసిషన్ 67 శాతం.

ఇప్పుడు హద్దు 0.6తో మిగిలిన ఐదు బాక్సులు. ఒకటోది ఒప్పు, మూడోది ఒప్పు, నాలుగోది ఒప్పు. మూడు ఆటోలూ వచ్చేశాయి, అప్పటివరకు తప్పు లేదు. తర్వాత సగం ఆటో నకలు తప్పు, హోర్డింగు తప్పు. కానీ అప్పటికే రీకాల్ నిండిపోయింది, గీత చివరిదాకా వెళ్లిపోయింది. యావరేజ్ ప్రెసిషన్ 100 శాతం!

తెర మీద ఐదు బాక్సులు కనిపిస్తున్నాయి, అందులో రెండు బోగస్, మార్కులు మాత్రం నూటికి నూరు. లెక్కలో పొరపాటేమీ లేదు. చివరి ఒప్పు బాక్సు తర్వాత వచ్చిన తప్పులకు ఈ కొలతలో శిక్ష ఉండదు, అంతే. అదే హోర్డింగుకు యంత్రం 0.85 ఇచ్చి ఉంటే అది ఒకటో బాక్సు వెనకే వరసలోకి దూరేది. అప్పుడు మార్కులు 83కు పడిపోయేవి. తప్పు చెప్పడం కంటే, తప్పును గట్టి నమ్మకంతో చెప్పడాన్నే ఈ కొలత శిక్షిస్తుంది. యోలో సృష్టికర్త రెడ్మన్ 2018లో రాసిన యోలోవీ3 పత్రంలో సరిగ్గా ఈ విషయాన్నే దెప్పిపొడిచాడు. ఒకటి శుభ్రంగా, ఒకటి చెత్తచెత్తగా బాక్సులు వేసిన రెండు ఊహాజనిత యంత్రాలను చూపించి, మీ కొలత ప్రకారం ఇవి రెండూ సమానమేనన్నాడు. పరిశోధనా పత్రాల్లో అంత ఆటపట్టింపు అరుదు.

0.5 గీత మరీ ఉదారంగా ఉందనుకున్నవాళ్లు కోకో సంకలనంతో పాటు ఇంకో పద్ధతి తెచ్చారు. ఐఓయూ హద్దును 0.5 దగ్గర మొదలుపెట్టి 0.05 చొప్పున 0.95 దాకా పెంచుతూ పదిసార్లు పరీక్ష పెట్టి, పది మార్కుల సగటు తీస్తారు. మన ఐదు బాక్సులనే ఇందులో పెడదాం. ముందు ఆటో మీది బాక్సుకు అసలుదానితో ఐఓయూ 0.87, చాటు ఆటోకు 0.72, విడి ఆటోకు మనం ఇందాక వేసిన 0.68 అనుకోండి. సగం ఆటో నకలుకు 0.44 మాత్రమే, అది ఎక్కడా గట్టెక్కదు. హద్దు 0.65 వరకు నాలుగు పరీక్షల్లో మూడు ఆటోలూ పాసయి నూటికి నూరు. 0.70 దగ్గర విడి ఆటో తప్పి 67. 0.75, 0.80, 0.85 పరీక్షల్లో ముందు ఆటో ఒక్కటే నిలిచి 33 చొప్పున. 0.90, 0.95 దగ్గర సున్నా. పదింటి సగటు దాదాపు 57.

అవే బాక్సులు, అదే ఫొటో. ఒక కొలతలో 100, ఇంకో కొలతలో 57. అందుకే పాత వీఓసీ అంకె పక్కన కొత్త కోకో అంకె పెట్టి పోల్చితే అర్థం ఉండదు. ఒకే నమూనాకు రెండూ ఇచ్చినప్పుడు మాత్రం ఆ తేడాలోనే సమాచారం ఉంది. 0.5 దగ్గర ఎక్కువగా ఉండి 0.75 దగ్గర బాగా పడిపోతే, యంత్రం వస్తువును గుర్తుపడుతోంది గానీ బాక్సు వదులుగా వేస్తోందని తెలుస్తుంది. ఆటోలు లెక్కపెట్టేవాడికి అది పెద్ద నష్టం కాదు. బాక్సు అంచును బట్టి ముందు బండి ఎంత దూరంలో ఉందో అంచనా వేసేవాడికి అదే ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి మాట "మీన్" ఇంకా మిగిలే ఉంది. ఇదంతా ఆటో అనే ఒక్క పేరుకు చేసిన లెక్క. మనిషి, బస్సు, కుక్క, ఇలా ప్రతి పేరుకూ విడిగా చేసి సగటు తీస్తే వచ్చేదే ప్రకటించే అంకె. ఈ సగటులో ప్రతి పేరుకూ ఒకే ఓటు. కోకో పరీక్షించే 80 పేర్లలో టోస్టర్ ఒకటి, మనిషి ఒకటి. పరీక్ష ఫొటోల్లో మనుషులు వేలల్లో ఉంటారు, టోస్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అయినా రొట్టెలు కాల్చే ఆ డబ్బా ఓటు, మనిషి ఓటు సమానం.

ఆ 80 పేర్లలో ఆటోరిక్షా లేదు. వీఓసీలోని 20 పేర్లలోనూ లేదు. అంటే కోకో మీద మాత్రమే నేర్చుకున్న యంత్రం ఎంత గొప్ప మార్కులు తెచ్చుకున్నా, మన సిగ్నల్ దగ్గర మూడు ఆటోలకూ కారనో లారీ అనో మోటార్‌సైకిల్ అనో పేరు పెట్టాలి, లేదా చూడనట్టు ఊరుకోవాలి. దానికి ఆ మాటే తెలియదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇంటెల్‌తో కలిసి, హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద కారుకు కెమెరా బిగించి తీసిన ఫొటోలతో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారు చేశారు. దాని మొదటి విడతలో 10,000 ఫొటోలు, 34 పేర్లు ఉన్నాయి. ఆటోరిక్షా అందులో ఒక పేరు.

సరైన పేర్లతో నేర్పి, సరైన కొలతతో కొలిచాక కూడా కెమెరాను స్తంభం మీదికి ఎక్కించే రోజున తేల్చుకోవలసింది ఒకటి ఉంటుంది. యావరేజ్ ప్రెసిషన్ అన్ని స్కోర్ల మీదా నడిచి వచ్చిన సగటు. రోడ్డు మీద మాత్రం ఒకే ఒక్క స్కోరు దగ్గర గీత గీయాలి. మన ఐదు బాక్సుల్లో 0.65 దగ్గర గీస్తే సరిగ్గా మూడు ఆటోలు మిగులుతాయి. 0.5 దగ్గర గీస్తే సగం ఆటో కూడా చేరి నాలుగవుతాయి. 0.78 దగ్గర గీస్తే విడి ఆటో జారిపోయి రెండే మిగులుతాయి. చలానా పంపే కెమెరాకైతే గీత పైన ఉండాలి, ఎందుకంటే తప్పుడు చలానా అందుకున్నవాడు ఊరుకోడు. ఎదురుగా అడ్డం వచ్చినదాన్ని చూసి బ్రేకు వేసే బండికి కిందికి రావాలి, అక్కడ హోర్డింగును చూసి ఒకసారి ఉత్తినే ఆగినా నష్టం తక్కువ. ఈ గీత ఎక్కడ ఉండాలో ప్రకటించిన మార్కులను బట్టి తెలియదు. కెమెరా పెట్టబోయే కూడలిలోనే, పగలూ రాత్రీ వానలోనూ కొన్ని వందల ఫొటోలు తీసి, మనిషి చేత బాక్సులు గీయించి, ఒక్కో స్కోరు దగ్గర ఎన్ని తప్పిపోయాయో ఎన్ని బోగస్ వచ్చాయో లెక్కపెట్టి చూసుకోవాలి.